పచ్చసొన కదలకూడదు: కడుపుతో ఉన్నప్పుడు గుడ్డు ఎలా వండుకోవాలి

మా బ్రాడీపేటలో మా పక్కింటి కోడలికి ఐదో నెల. వేవిళ్లు తగ్గాయి, నోటికి రుచి తెలుస్తోంది. తెనాలిలో వాళ్లమ్మ చేసే కొట్టిపోసిన గుడ్డు పులుసు తినాలని ఒకటే కోరిక. అంటే ఉడికించి పొట్టు తీసిన గుడ్లు వేసే పులుసు కాదు. మరుగుతున్న పులుసులో పచ్చి గుడ్డు నేరుగా పగలగొట్టి పోసేది. అన్నంలో వేసుకుని చిదిమితే పచ్చసొన జారుగా వచ్చి పులుసులో కలిసిపోవాలి, ఆ పిల్లకి అదే ఇష్టం. అత్తగారేమో "ఎండాకాలంలో గుడ్డా, వేడి చేస్తుంది" అన్నారు. అబ్బాయి మాత్రం ఇంగ్లండులో గర్భిణులు జారుసొన కూడా తినొచ్చట అని ఫోనులో చూపించాడు. ఇరవై ఏళ్లు ఆసుపత్రిలో గర్భిణులకి ఏం తినాలో రాసిచ్చిన మనిషినని తగవు నా దగ్గరికొచ్చింది.

నేను చెప్పింది ఒక్కటే. గుడ్డు మానక్కర్లేదు, జారుసొన మానాలి. ఆ పులుసు ఆ సాయంత్రమే వండుకున్నాం. ఎలా వండామో చెప్తాను. దానికి ముందు భయం ఎక్కడుందో చెప్పాలి, అది తెలిస్తే మిగతా వంటలకి ఎవర్నీ అడగక్కర్లేదు.

గుడ్డులో మనం భయపడాల్సింది సాల్మొనెల్లా అనే బాక్టీరియాకి. అది రెండు దారుల్లో వస్తుంది. కోడి రెట్ట అంటిన పెంకు మీద ఉండొచ్చు. కోడికే ఆ సూక్ష్మజీవి సోకి ఉంటే పెంకు తయారయ్యేలోపే సొనలోకి చేరిపోవచ్చు. ఈ రెండో రకాన్ని పైపైన కడిగి పోగొట్టలేం. చూస్తే తెలియదు, వాసన రాదు. అందుకే "మా గుడ్లు నిన్నే పెట్టినవి", "మావి నాటుకోడి గుడ్లు" అన్న మాటలకి ఇక్కడ విలువ లేదు. పెరట్లో తిరిగే నాటుకోడికీ అది సోకుతుంది.

మామూలు మనిషికి సోకితే నాలుగు నుంచి ఏడు రోజులు విరోచనాలు, జ్వరం, కడుపునొప్పి వచ్చి పోతాయి. కడుపుతో ఉన్నవాళ్లకి అదే జబ్బు ఎక్కువ బాధ పెడుతుంది. ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది, జ్వరం దానికి తోడవుతుంది. చాలా అరుదుగా ఆ సూక్ష్మజీవి రక్తంలోకి చేరి బిడ్డదాకా వెళ్తుంది. అరుదే, కానీ ఒక జారుసొన కోసం తెచ్చుకోవలసిన ముప్పు కాదు.

ఇక ఇంగ్లండు సంగతి. అబ్బాయి చదివింది నిజమే. అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ 2017లో సలహా మార్చి, గర్భిణులు సగం ఉడికిన గుడ్డు తినొచ్చని చెప్పింది. అయితే ఆ మాట అన్ని గుడ్లకీ కాదు, పెంకు మీద సింహం ముద్ర ఉన్న గుడ్లకే. ఆ ముద్ర వెయ్యాలంటే కోళ్లకి సాల్మొనెల్లా టీకా వేసి ఉండాలి, ఇంకా బోలెడు తనిఖీలు ఉండాలి. మన కిరాణా కొట్టు ట్రేలో ఉన్న గుడ్డు మీద అలాంటి ముద్ర ఉండదు. కాబట్టి అక్కడి సలహా ఇక్కడి గుడ్డుకి చెల్లదు. "వేడి చేస్తుంది" అన్నదానికి అత్తగారితో నేను వాదించలేదు. గుడ్డు వల్ల ఒంట్లో వేడి పుడుతుందని వైద్యం చెప్పదు కానీ, విజయవాడ, గుంటూరు ఎండల్లో బయట పెట్టిన గుడ్డులో బాక్టీరియా త్వరగా పెరుగుతుందన్నది మాత్రం నిజం. ఆవిడ భయంలో ఆ మేరకు న్యాయం ఉంది.

సొనే మన థర్మామీటరు

వండేటప్పుడు సాల్మొనెల్లా చచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? గుడ్డు వంటకం మధ్యభాగం 71 డిగ్రీల సెంటీగ్రేడుకి చేరితే అది నిలవదు. మన వంటింట్లో థర్మామీటరు ఉండదు, అక్కర్లేదు కూడా. తెల్లసొన 62, 63 డిగ్రీల దగ్గర పాలరంగు తిరగడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 దగ్గర చిక్కబడుతుంది, 70 దాటేసరికి గట్టిపడుతుంది. అంటే పచ్చసొన నడిమి దాకా గట్టిపడిందంటే సాల్మొనెల్లాకి సరిపడా వేడి లోపలికి చేరినట్టే.

ఇందులో తిరకాసు ఒకటుంది. తెల్లసొన ముందు గట్టిపడుతుంది కాబట్టి తెల్లగా కనపడగానే "ఉడికిపోయింది" అనుకుంటాం. చూడాల్సింది తెలుపుని కాదు. పచ్చసొన నట్టనడుమ చూడాలి. అక్కడ తడి మెరుపు ఉంటే, గరిటెతో నొక్కితే కదిలితే, ఇంకా కాలేదు. గట్టిగా, మెరుపు లేకుండా, చిదిమితే పొడిపొడిగానో ముద్దగానో విడిపోతే అయింది. గిలక్కొట్టిన గుడ్డయితే తడి సొన ఎక్కడా కారకూడదు.

ఇంకో మాట. చింతపండు పులుపు, గుంటూరు కారం సూక్ష్మజీవుల్ని చంపుతాయని మా ఊళ్లో గట్టి నమ్మకం. పులుపు, కారం నాలుకకి తగులుతాయి గానీ సొన లోపలికి వెళ్లి పనిచేయవు. పని చేసేది వేడే.

పులుసు వండిన విధానం

నలుగురికి నాలుగు గుడ్లు. ఫ్రిజ్‌లోంచి అరగంట ముందు తీయాల్సిన పని లేదు. ఎండాకాలంలో అలా బయట పెడితే పెంకు మీద చెమట పడుతుంది, ఆ తడితో పైనున్న మురికి లోపలికి దిగే వీలుంటుంది. వండే ముందే తీయండి.

వెడల్పాటి బాండీ తీసుకోండి, లోతైన గిన్నె కాదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తీయండి. రెండు ఉల్లిపాయలు, పోపు, కరివేపాకు వేగాక టమాటా ఒకటి, కారం చెంచా, పసుపు, ఉప్పు, చింతపండు రసం, మూడు గ్లాసుల నీళ్లు. ఇదంతా మీకు తెలిసిందే, మీ ఇంట్లో ఎలా చేస్తే అలా చేయండి. గర్భిణికి ఛాతీలో మంట ఉంటే కారం సగానికి తగ్గించండి. రెండు కొలతలు మాత్రం మార్చకండి. ఒకటి, పులుసు రెండు వేళ్ల లోతు ఉండాలి, గుడ్డు చాలావరకు మునగాలి. రెండు, గుడ్డు పోసేటప్పటికి పులుసు పది నిమిషాలు మరిగి ఉండాలి, గోరువెచ్చని పులుసులో పోయకూడదు.

గుడ్డుని నేరుగా బాండీ అంచుకి కొట్టకండి. ఒక్కొక్కటి చిన్న గిన్నెలో పగలగొట్టి, వాసన చూసి, పులుసులోకి మెల్లగా వంచండి. ఒకటి పాడైతే పులుసంతా పారబోయకుండా ఇది కాపాడుతుంది. నాలుగింటినీ నాలుగు మూలలా పోయండి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. చిన్న గిన్నెలో ఆరు గుడ్లు పోస్తే పులుసు ఒక్కసారిగా చల్లబడుతుంది, అవి ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో ఉడకవు. పోసిన వెంటనే కలపకండి, రెండు నిమిషాలు వదిలేయండి. తెల్లసొన పట్టు తీసుకుంటుంది.

ఇప్పుడు మూత పెట్టండి. ఈ వంటకంలో గుడ్డు పైభాగం పులుసు బయటికి తేలి ఉంటుంది, దాన్ని ఉడికించేది మూత లోపలి ఆవిరే. మూత లేకుండా వదిలేస్తే కింద రాయిలా అవుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. మంట మధ్యస్థంగా, బుడగలు ఆగకుండా. ఎనిమిది నిమిషాలయ్యాక గరిటెతో మెల్లగా తిరగేసి, మళ్లీ మూత పెట్టి రెండు నిమిషాలు. తర్వాత ఒక గుడ్డు పళ్లెంలోకి తీసి నడిమికి కోయండి. మిగతావాటికి అదే సాక్షి.

మేము కోసినప్పుడు ఏమైందంటే, అంచులు గట్టిపడ్డాయి, నట్టనడుమ మాత్రం బఠాణీ గింజంత చోట తడి మెరుపు ఉంది. పిల్ల "ఇదే బాగుంటుంది పిన్నీ" అని ఆశగా చూసింది. ఇంకో మూడు నిమిషాలు పెట్టాం. ఈసారి నడుమ ముద్దగా ఉంది, మెరుపు లేదు. ఎవరింటి స్టవ్వు మంట వాళ్లది కాబట్టి గడియారం కన్నా కోసి చూడడమే నమ్మండి. గ్యాసు కట్టేసి మూత పెట్టి "ఆ వేడికే ఉడికిపోతుందిలే" అనుకోవడం అందరూ చేసే పొరపాటు. మట్టికుండలో కొంత పనిచేస్తుంది గానీ, పల్చటి అల్యూమినియం గిన్నెలో ఆ వేడి రెండు నిమిషాల్లో పోతుంది.

జారుసొన రుచి పోయింది కదా అంటే, పూర్తిగా పోలేదు. గట్టిపడిన పచ్చసొనని తన పళ్లెంలోనే చిదిపి, వేడి పులుసులో నలిపి, చెంచా నెయ్యి వేసి అన్నంలో కలిపాం. చిక్కగా గుజ్జులా వచ్చింది. వాళ్లమ్మ పులుసు కాదు, కానీ రెండు ముద్దలయ్యాక ఆ మాట ఎత్తలేదు.

మిగతా వంటలు

ఉడికించిన గుడ్డు అన్నింటిలో నమ్మకమైనది. గిన్నెలో గుడ్లు పెట్టి అంగుళం పైకి వచ్చేలా చన్నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టండి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక లెక్క పెట్టండి, మామూలు కోడిగుడ్డుకి 12 నిమిషాలు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తే భయపడకండి. ఎక్కువ ఉడికినప్పుడు సొనలోని ఇనుము, గంధకం కలిసి అలా అవుతుంది, అపాయం లేదు. కరెంటు ఎగ్ బాయిలర్ వాడేవాళ్లు మొదటిసారి ఒకటి కోసి చూసుకోండి, దాని కొలమానం గీతలు అన్ని గుడ్లకీ కుదరవు. చల్లార్చడానికి తాగే నీళ్లే వాడండి. వేడి గుడ్డు చల్లబడుతూ పెంకు రంధ్రాల్లోంచి బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది.

ఆమ్లెట్ విషయంలో మందమే సమస్య. రెండు గుడ్లు ఎనిమిది అంగుళాల పెనం మీద పోస్తే పల్చగా ఉడుకుతుంది. నాలుగు గుడ్లు కలిపి దిండులా వేస్తే పైన గోధుమరంగు తిరుగుతుంది, లోపల తడి మిగులుతుంది. మధ్య మంట మీద రెండు నిమిషాలు, తిరగేసి ఇంకో నిమిషం, ఆపై గరిటెతో నొక్కి చూడండి, పసుపురంగు ద్రవం ఊరకూడదు. మడతపెట్టి పళ్లెంలో వేసేముందే చూడాలి, మడత పెట్టాక లోపల కనపడదు.

గుడ్డు పొరటులో ఉల్లిపాయ నీరు వదులుతుంది, ఆ నీటిని చూసి గుడ్డు ఉడకలేదనుకుంటారు. పల్చగా, తేటగా ఉంటే ఉల్లినీరు. జిగటగా, పసుపుగా ఉంటే సొన. జిగట పోయేదాకా కలపండి.

ఎగ్ దోసె దగ్గర మా ఊళ్లో అందరూ చేసేది, పిండి మీద గుడ్డు పూసి, కింద కాలగానే మడిచి ఇచ్చేయడం. పైనున్న గుడ్డుకి ఆవిరి తప్ప ఏం తగల్లేదు. దోసె తిరగేయాలి, నిమిషం ఉంచాలి. హోటల్లో అయితే "తిప్పి కాల్చండి" అని ముందే చెప్పండి. బుల్స్ ఐ తినాలనిపిస్తే పచ్చసొనని గరిటెతో చిదిమి, తిరగేసి వేయించుకోండి. అప్పుడది బుల్స్ ఐ కాదు, సరే. హాఫ్ బాయిల్ మాత్రం కాన్పు అయ్యేదాకా వద్దు.

పాలలో పచ్చి గుడ్డు గిలక్కొట్టి బలానికి తాగించే పెద్దలు ఇంకా ఉన్నారు. అందులో అదనపు బలం కూడా లేదు. పచ్చి తెల్లసొనలో ఉండే ఒక పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ని పట్టుకుని ఒంటికి అందనీయదు, ఉడికిస్తే ఆ గుణం పోతుంది. అలాగే సన్నబడాలని పచ్చసొన పారేసి తెలుపు మాత్రమే తినేవాళ్లున్నారు. బిడ్డ మెదడుకి కావలసిన కోలిన్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంది, ఒక పెద్ద గుడ్డులో సుమారు 150 మిల్లీగ్రాములు. పారేయకండి.

బయట తినేటప్పుడు

గుడ్డు బజ్జీలో గుడ్డు ముందే ఉడికి ఉంటుంది, పిండి నూనెలో కాలుతుంది. అందులో సొన భయం లేదు. చూడాల్సింది ఆ ఉడికిన గుడ్లు బుట్టలో ఎంతసేపటి నుంచి ఉన్నాయో. ఉడికిన గుడ్డు కూడా బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, మన ఎండల్లో గంట. కళ్ల ముందు వేయించిన వేడి బజ్జీ తినండి, కోసి మసాలా పచ్చి ఉల్లి కూరినది ఎప్పుడు కూరారో తెలియకపోతే వదిలేయండి.

మయోనైజ్ అంటే భయపడాల్సిందే. షవర్మా, మండీ, మోమోల పక్కన కప్పులో ఇచ్చే తెల్లటి దాన్ని చాలాచోట్ల పచ్చి గుడ్డు, నూనె కలిపి అక్కడికక్కడే చేస్తారు, స్టవ్వు ఎక్కించరు. తెలంగాణలో 2024 అక్టోబరు చివర పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించారు, దానికి కారణం ఇదే. సీసాలో అమ్మే కంపెనీ మయోనైజ్ వేరు, అందులో వాడే గుడ్డుని వేడితో శుద్ధి చేస్తారు, లేదా గుడ్డే ఉండదు. సీసా మీద ఆకుపచ్చ చుక్క ఉంటే గుడ్డు లేనట్టు. బేకరీల్లో మూస్, టిరామిసు లాంటివి ఉడికించని గుడ్డుతో చేస్తారు కాబట్టి అడిగి తెలుసుకోండి. మామూలు కేకు ఓవెన్‌లో కాలుతుంది, దిగుల్లేదు. కానీ పచ్చి కేకు పిండి గిన్నె నాకకండి.

బాతుగుడ్ల మాట ప్రత్యేకంగా చెప్పాలి. కొల్లేరు వైపు నుంచి, కోతలయ్యాక పొలాల్లో బాతులు మేపే వాళ్ల దగ్గర నుంచి వస్తుంటాయి. బాతులు బురదనీళ్లలో తిరుగుతాయి, గుడ్లు ఆ తడిలోనే పెడతాయి. పైగా గుడ్డు పెద్దది. కోడిగుడ్డు లెక్కన 12 నిమిషాలు సరిపోదు, 15 నిమిషాలు ఉడికించి, కోసి, గట్టిగా ఉంటేనే తినండి.

కొనడం, దాచడం

పగిలిన గుడ్డు, నెర్రె విచ్చిన గుడ్డు ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఎండలో ట్రేలు పెట్టిన కొట్టు వదిలేసి, త్వరగా అమ్ముడయ్యే కొట్టులో కొనండి. ఇంటికి తెచ్చాక కడిగి దాచకండి, కడిగితే పెంకు మీదున్న సహజమైన పూత పోతుంది. రెట్ట అంటి ఉంటే పొడిగుడ్డతో తుడిచి ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి. తలుపు అర మాటిమాటికీ వేడెక్కుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్లకీ ఇదే పద్ధతి, సంచిలోనే మర్చిపోకండి. నీళ్లలో వేస్తే మునిగింది కాబట్టి మంచిదని నమ్ముతారు. అది గుడ్డు వయసు చెప్తుంది, సూక్ష్మజీవి ఉందో లేదో చెప్పదు. తేలిన గుడ్డు పారేయండి, మునిగిన గుడ్డుని కూడా గట్టిగానే ఉడికించండి.

ఎక్కువమంది చేసే పొరపాటు గుడ్డులో కాదు, చెంచాలో ఉంటుంది. పచ్చి గుడ్డు గిలక్కొట్టిన గిన్నెలోకే ఉడికిన ఆమ్లెట్ తీస్తారు, అదే చెంచాతో పెరుగు కలుపుతారు. గుడ్డు పగలగొట్టిన చేతికి సబ్బు తగలాలి, ఆ గిన్నె వెంటనే కడగాలి.

తెలియక జారుసొన తినేశారనుకోండి. మందులేం వాడకండి, కంగారు పడకండి. ప్రతి గుడ్డులోనూ సాల్మొనెల్లా ఉండదు. ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా గమనించండి. జ్వరం, ఆగని విరోచనాలు, మలంలో రక్తం, నీళ్లు కూడా నిలవని వాంతులు, మూత్రం బాగా తగ్గడం, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం, వీటిలో ఏది ఉన్నా మందుల షాపులో విరోచనాలు కట్టే మాత్ర అడక్కుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. దారిలో ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో చెప్పండి, డాక్టరుకి అది పనికొస్తుంది.

పక్కింటి పిల్ల మర్నాడు మళ్లీ వచ్చింది. మిగిలిన పులుసు ఫ్రిజ్‌లో పెట్టారట, మళ్లీ తినొచ్చా అని అడిగింది. వండిన రెండు గంటల్లోపు పెట్టారా అన్నాను. పెట్టారట. అయితే పులుసు తెర్లేదాకా కాచి, గుడ్డు లోపల కూడా పొగలు వచ్చేలా వేడిచేసి తినమన్నాను.